మానిటర్ ఆర్మ్ కొనేముందు, బిగించాక చూసుకోవాల్సినవి

ప్రశ్న: "నా 27 అంగుళాల మానిటర్‌కి ఆర్మ్ కొందామనుకుంటున్నా. సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది? మెడ నొప్పి తగ్గాలంటే స్క్రీన్ ఎంత ఎత్తులో, ఎంత దూరంలో పెట్టాలి?"

ముందు స్టాండ్ ఊడదీసి మానిటర్ వెనక చూడండి. చదరంగా నాలుగు స్క్రూ రంధ్రాలు ఉంటే వాటి మధ్య దూరం స్కేలుతో కొలవండి. 75 లేదా 100 మి.మీ. వస్తే ఆర్మ్ బిగించడానికి వీలైన ప్రామాణిక అమరిక, అంటే వెసా మౌంట్ ఉన్నట్టే. ఆర్మ్ ప్లేటుకి మామూలుగా ఈ రెండు కొలతలూ ఉంటాయి. స్క్రూలు ఎక్కువగా ఎం4 సైజువే. రంధ్రాలు గుంటలో ఉంటే స్పేసర్లు వేయాలి. అవసరానికి మించి పొడుగున్న స్క్రూని బలవంతంగా తిప్పితే లోపల పానెల్ దెబ్బతింటుంది.

తర్వాత స్టాండ్ లేకుండా మానిటర్ బరువెంతో చూడండి. గ్యాస్ స్ప్రింగ్ ఆర్మ్‌కి గరిష్ఠ బరువే కాదు, కనిష్ఠ బరువు కూడా ఉంటుంది. నా మానిటర్ దాదాపు 4.5 కిలోలు, ఆర్మ్ 2 నుంచి 9 కిలోల వరకు మోస్తుంది. బిగించగానే స్క్రీన్ దానంతటదే పైకి లేచింది, అంటే టెన్షన్ ఎక్కువైందన్నమాట. అలెన్ కీతో కొద్దికొద్దిగా వదులు చేస్తే ఎక్కడ ఆపితే అక్కడ నిలబడింది. కిందికి జారుతుంటే బిగించాలి. ఎప్పుడైనా మానిటర్ తీసేటప్పుడు మాత్రం ముందు ఆర్మ్‌ని పూర్తిగా పైకి లేపి ఉంచండి, లేదంటే బరువు పోగానే ఎగిరి మొహానికి తగులుతుంది.

ఎత్తు విషయానికొస్తే, రోజూ కూర్చునే తీరులోనే కుర్చీలో కూర్చుని, నేల నుంచి కంటి ఎత్తు ఎవరితోనైనా కొలిపించండి. నాది 118 సెం.మీ., టేబుల్ 74. అంటే స్క్రీన్ పై అంచు టేబుల్ మీద నుంచి 44 సెం.మీ. దాటకూడదు. మానిటర్ ఎత్తు 36 కాబట్టి కింది అంచు 8 సెం.మీ. దగ్గరకొస్తుంది. కానీ నేను దగ్గరి చూపు అద్దం కింది భాగంలో ఉండే ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడతాను. ఈ లెక్క ప్రకారం పెడితే అక్షరాలు స్పష్టంగా కనబడటానికి గడ్డం పైకెత్తాల్సి వచ్చేది, ఆ నొప్పి మెడ వెనక పట్టేసేది. స్క్రీన్‌ని ఇంకో 5 సెం.మీ. దించి, పై అంచుని కాస్త వెనక్కి వంచాక గడ్డం ఎత్తే పని తప్పింది. మీకూ అలాంటి అద్దాలుంటే, ఆర్మ్ ఎంత కిందికి దిగుతుందో కొనేముందే కనుక్కోండి.

దూరం చెయ్యి చాచినంత, 27 అంగుళాలకి 65 నుంచి 75 సెం.మీ. చాలు. అక్షరాలు చిన్నగా అనిపిస్తే స్క్రీన్‌ని దగ్గరికి లాగకుండా కంప్యూటర్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేలింగ్ 125 శాతం పెట్టుకోండి. ఒక్కటి చూసుకోండి: టేబుల్ గోడకి ఆనుకుని ఉంటే ఆర్మ్ మోచేయి వెనక్కి మడిచే చోటుండదు, స్క్రీన్ మీ మీదికి వచ్చేస్తుంది. నేను టేబుల్‌ని గోడ నుంచి జానెడు ముందుకు జరిపాకే ఆ 70 సెం.మీ. దొరికింది.