సార్‌కి రాసిన ఆ మెయిల్ గురించి

చిరంజీవి సాహితికి,

అమెరికాలో ఎంఎస్‌ కోసం రికమండేషన్ లెటర్ అడుగుతూ మీ ప్రొఫెసర్‌గారికి రాసిన మెయిల్ చూశాను. నువ్వు ఇంగ్లీషులో రాశావు, చెవికి ఎలా తగులుతుందో తెలియడానికి తెలుగులో చెప్తాను: "గౌరవనీయులైన సార్, నేను ఎంఎస్‌కి అప్లై చేస్తున్నాను. మీ ఎల్‌ఓఆర్ కావాలి. డెడ్‌లైన్ దగ్గరపడింది, త్వరగా పంపగలరు."

మొదటి మాటలోని గౌరవం చివరికొచ్చేసరికి ఆవిరైపోయింది. నువ్వెవరో ఆయనే గుర్తు తెచ్చుకోవాలి, ఏ తేదీకో ఆయనే అడగాలి. కాదనే దారి కూడా లేదు. నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒకసారి పక్క సెక్షన్ మేడమ్‌ని పేరుపెట్టి సంబోధించిన మెయిల్ నాకొచ్చింది. నీది అంత ఘోరం కాదులే.

నువ్వు ఫోన్‌లో చెప్పిన సంగతులతో ఇలా మార్చాను:

"నమస్కారం సార్. నేను 2021–25 సీఎస్‌ఈ బ్యాచ్, రోల్ నంబరు ఫలానా. ఏడో సెమిస్టర్‌లో మీ గైడెన్స్‌లో వరి ఆకు తెగుళ్లను ఫోటోల్లో గుర్తించే ప్రాజెక్టు చేశాం. ఫలితాలు మరీ ఇంత బాగున్నాయేమిటని మొదటి రివ్యూలో మీరు అడిగారు. వెతికితే ఒకే మొక్క ఫోటోలు ట్రైనింగ్‌లోనూ టెస్టింగ్‌లోనూ ఉన్నాయి. వాటిని నేనే విడదీశాను. యాక్యురసీ 96 నుంచి 81 శాతానికి పడింది. రిపోర్టులో ఆ 81నే పెట్టాం.

మూడు యూనివర్సిటీలకు డిసెంబరు 15 లోపు లెటర్ అందాలి. మీరు సరేనంటే మీ కాలేజీ మెయిల్‌కి వాళ్ల నుంచి లింకులు వస్తాయి, లెటర్ అందులో అప్‌లోడ్ చేయాలి. రెజ్యూమె, మార్కుల మెమోలు, ఎస్‌ఓపీ, తేదీల పట్టిక జత చేశాను. మీకు తీరిక లేకపోయినా, నా గురించి రాసేంత తెలియదనిపించినా చెప్పండి సార్, మరొకరిని అడుగుతాను."

ఆ 96, 81 సంగతి మాత్రం తీసెయ్యకు. నీ మార్కులు మెమోలో ఎలాగూ కనబడతాయి. తప్పు దొరికినప్పుడు నువ్వేం చేశావో చెప్పగలిగింది ఆయనొక్కరే. కానీ ఏటా పదుల ప్రాజెక్టులు చూసే మనిషి, నువ్వు గుర్తు చేయకపోతే "కష్టపడే విద్యార్థిని" అని నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటారు. "నువ్వే రాసుకుని తీసుకురా" అన్నా అనొచ్చు. అప్పుడు లెటర్ కాకుండా ఇలాంటి సంగతులే నాలుగైదు రాసి ఇవ్వు. నీ ఎస్‌ఓపీ, ఆ లెటర్ ఒకే చేతిరాతలా ఉంటే చదివేవాళ్లకు అనుమానం వస్తుంది.

ఆయన ఒప్పుకోకముందే అప్లికేషన్‌లో పేరు నింపకు. చాలాచోట్ల వెంటనే ఆయనకు లింక్ వెళ్లిపోతుంది, అడగకుండానే పని అప్పగించినట్టవుతుంది. ఒప్పుకున్నాక లింక్ స్పామ్‌లో పడిందేమో ఒకసారి చూడమను. లెటర్ చూసే హక్కు వదులుకుంటావా అని అప్లికేషన్‌లో అడుగుతారు. మామూలుగా అందరూ వదులుకుంటారు, కాబట్టి కాపీ ఇమ్మని ఆయన్ని అడగకు.

నవంబరు మొదటివారంలోనే పంపు. లెటర్ అడిగే ముగ్గురు సార్లకూ కలిపి ఒకే మెయిల్ కొట్టకు. ఇంకా నీ ఇంగ్లీషు మెయిల్‌లో "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని ఒకటి మిగిలింది, అది కొట్టెయ్.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ