టేలర్ శేషంలో c తెలియకపోతే ఎలా?

ప్రశ్న: e^0.5 ని 0 దగ్గర టేలర్ పాలినామియల్‌తో 0.001 లోపు తప్పుతో కట్టాలి. శేషంలో c ఎంతో తెలియదు కదా, ఎన్నో డిగ్రీ దాకా వెళ్లాలి?

4వ డిగ్రీ చాలు. c ఎంతో అక్కర్లేదు, 0కీ 0.5కీ మధ్య ఉందని తెలిస్తే సరిపోతుంది. శేషం ఇది:

e^c · (0.5)^(n+1) / (n+1)!

e < 4 కాబట్టి e^c ఇక్కడ 2 దాటదు. ఆ 2 వేసి చూడండి. n = 3 కి హద్దు 0.0052 వస్తుంది, చాలదు. n = 4 కి 2 × 0.03125/120, అంటే దాదాపు 0.00052. పనైపోయింది. పాలినామియల్ విలువ 1.64844, అసలుది 1.64872, తేడా 0.00028.

చాలామంది e^c ని వదిలేసి, తర్వాతి పదమే హద్దు అనుకుంటారు. ఇక్కడ ఆ పదం 0.00026. అసలు తప్పు దాన్ని దాటేసింది! ఆ షార్ట్‌కట్ గుర్తులు మారుతూ, పదాలు సున్నాకి తగ్గుతూ పోయే శ్రేణులకైతే చెల్లుతుంది.