కెపాసిటర్ పెంచినా సాయంత్రం హమ్మింగ్ ఎందుకు వస్తుంది: రిపుల్ లెక్క

ప్రశ్న: "12 వోల్టుల, 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి రెక్టిఫైయర్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఆ తర్వాత 7812. అర ఆంపియర్ లోడు పెట్టగానే స్పీకర్లో గుయ్యిమని వస్తోంది. మీటరుతో చూస్తే 7812 ముందు 13 వోల్టుల పైనే ఉంది. కెపాసిటర్ ఎంత పెట్టాలో లెక్క ఎలా వేయాలి?"

మీ మీటరు చూపుతున్నది సగటు. 12 వోల్టులను నిలకడగా ఇవ్వవలసిన 7812 రెగ్యులేటర్ ఇబ్బంది పడుతున్నది ఆ సగటు దగ్గర కాదు, అల అడుగుకు దిగిన చోట. తిరుపతిలో రిపేరు పని చేసే నేను సరిగ్గా ఇదే అమరికతో ఒకసారి రెండు వారాలు తిరిగాను కాబట్టి, ముందు లెక్క చెప్పి తర్వాత ఆ సంగతికి వస్తాను.

మన సరఫరా 50 హెర్ట్జ్. బ్రిడ్జి రెక్టిఫైయర్ ప్రతి అరచక్రాన్నీ వాడుకుంటుంది కనుక కెపాసిటర్ సెకనుకు 100 సార్లు నిండుతుంది, అంటే ఒక నింపుకూ మరో నింపుకూ మధ్య 10 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో లోడుకు కావలసిన కరెంటును కెపాసిటరే తన నిల్వలోంచి ఇవ్వాలి. అర ఆంపియర్ చొప్పున 10 మిల్లీసెకన్లు ఇస్తే ఖర్చయ్యే ఛార్జి 0.005 కూలుంబులు. దానిని కెపాసిటెన్స్‌తో భాగిస్తే వోల్టేజి ఎంత పడిపోతుందో తెలుస్తుంది, ఆ పతనాన్నే రిపుల్ అంటాం.

```
ΔV = I / (f × C)
ΔV = 0.5 / (100 × 0.001) = 5 V
```

ఇక్కడ f అనేది 100, 50 కాదు. ఒకే డయోడు వాడే హాఫ్ వేవ్ రెక్టిఫైయర్ అయితేనే 50 వేయాలి, అప్పుడు రిపుల్ రెట్టింపు అవుతుంది. ఈ సూత్రం కొంచెం ఎక్కువే చెబుతుంది, ఎందుకంటే పూర్తి 10 మిల్లీసెకన్లు గడవకముందే తర్వాతి అల ఎదురు వచ్చి కెపాసిటర్‌ను నింపడం మొదలుపెడుతుంది. మీ విలువలతో గీసి చూస్తే అసలు పతనం నాలుగు వోల్టులకు కాస్త తక్కువ. అయితే ఈ తప్పు మనకు మేలు చేసే వైపే ఉంది కాబట్టి, డిజైను చేసేటప్పుడు సూత్రం చెప్పిన అంకెనే నమ్మడం మంచిది.

ఇప్పుడు శిఖరం చూద్దాం. 12 వోల్టులను 1.414తో గుణిస్తే దాదాపు 17 వస్తుంది. బ్రిడ్జిలో ఒకేసారి రెండు డయోడ్లు దారిలో ఉంటాయి కనుక వాటికి సుమారు 1.5 వోల్టులు పోతే 15.5 మిగులుతుంది. సూత్రం ప్రకారం అందులో 5 తీసేస్తే అడుగు 10.5, గీసి చూసిన దాని ప్రకారమైనా 11.7. 7812 సరిగా పనిచేయాలంటే దాని ముందు ఎప్పుడూ దాదాపు 14 వోల్టులు ఉండాలి. అలలో 14 కిందికి దిగిన ప్రతిసారీ రెగ్యులేటర్ అవుట్‌పుట్ కూడా దాంతోపాటు వంగుతుంది, సెకనుకు వంద సార్లు వంగుతుంది, మీ చెవికి వినిపించే గుయ్యిమనే శబ్దం అదే. 4700 మైక్రోఫారడ్ పెడితే రిపుల్ 1.1 వోల్టులకు తగ్గి, అడుగు 14.4 దగ్గర నిలుస్తుంది. మీ బల్లమీద సమస్య పోతుంది.

బల్లమీద అని ఎందుకు అంటున్నానంటే, చంద్రగిరి దగ్గర ఒక ఊరి భజన మందిరంలో మైకు మిక్సరూ చిన్న ఆంప్లిఫయరూ నడిపే ఇలాంటి పెట్టెకే నేను 4700 వేసి, దుకాణంలో గంట సేపు పాటలు వినిపించి చూసి పంపించాను. మూడో రోజు ఫోను వచ్చింది: "పగలు బాగానే పలుకుతా ఉంది సార్, పొద్దుగూకితే గుయ్యిమంటా ఉంది." నేను కెపాసిటర్ నాసిరకమని అనుకుని, దాని పక్కనే ఇంకొక 4700 జోడించి వచ్చాను. ఆ సాయంత్రం శబ్దం అణుమాత్రం తగ్గలేదు.

మర్నాడు పొద్దుగూకే వేళకు మీటరు పట్టుకుని అక్కడే కూర్చున్నాను. మందిరంలో ప్లగ్గు దగ్గర 230 రావలసిన చోట 200 వోల్టులే వస్తున్నాయి. దీన్ని లెక్కలో వేసి చూస్తే విషయం ఒక్కసారిగా తేలిపోయింది. 12 వోల్టుల సెకండరీ 10.4 అవుతుంది, శిఖరం 14.75, డయోడ్ల వాటా పోగా 13.3. అంటే రిపుల్ సున్నా అయినా 7812కు కావలసిన 14 అందదు. కెపాసిటర్ అల అడుగును పైకి లేపగలదే గానీ శిఖరాన్ని లేపలేదు. నేను ఎన్ని కెపాసిటర్లు కలిపినా అక్కడ ప్రయోజనం లేదు.

చివరికి ట్రాన్స్‌ఫార్మర్‌ను 15 వోల్టులది మార్చాను. 200 దగ్గర కూడా శిఖరం 16.9 వస్తుంది, 4700తో 1.1 తీసేసినా 15.8 మిగులుతుంది. దీనికి రెండు మూల్యాలు చెల్లించాలి. పగటి పూట 230 ఉన్నప్పుడు 7812 మీద ఏడు వోల్టులకు పైగా ఆగుతాయి, అర ఆంపియర్‌తో గుణిస్తే మూడున్నర వాట్లకు పైనే వేడి, కాబట్టి హీట్‌సింక్ తప్పనిసరి. అలాగే లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి పెరుగుతుంది, పైగా ఒక్కోసారి లైను 250 దాకా కూడా పోతుంది కనుక కెపాసిటర్ 25 వోల్టులది కాకుండా 35 వోల్టులది పెట్టాలి. మీరు 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌నే ఉంచుకుంటే 25 వోల్టులది సరిపోతుంది, 16 వోల్టులది మాత్రం వాడకండి.

మీ దగ్గర ఆసిలోస్కోప్ లేకపోయినా రిపుల్‌ను మీటరుతో అంచనా వేయవచ్చు. కెపాసిటర్ కొసల మధ్య ఏసీ రేంజిలో వచ్చిన అంకెను మూడున్నరతో గుణిస్తే, అల శిఖరం నుంచి అడుగుదాకా ఎంతో దాదాపుగా తెలుస్తుంది. 4700తో 0.3 వోల్టుల దగ్గర, మీ 1000తో 1.1 దగ్గర చూపాలి. కొన్ని చవక మీటర్లు ఏసీ రేంజిలో డీసీని ఆపవు, అందువల్ల ముందుగా ఒక 9 వోల్టుల బ్యాటరీ మీద, ప్రోబులను రెండు వైపులా మార్చి, ఏసీ రేంజి పెట్టి చూడండి. సున్నా చూపకపోతే ప్రోబుకు వరుసగా 1 మైక్రోఫారడ్ పాలిస్టర్ కెపాసిటర్ ఒకటి పెట్టి కొలవండి.

లెక్క సరిగ్గా ఉన్నా రిపుల్ దానికి సుమారు రెట్టింపు వస్తే, కెపాసిటర్‌ను అనుమానించే ముందు బ్రిడ్జిని చూడండి. నాలుగు డయోడ్లలో ఒకటి ఓపెన్ అయితే పాపం అది నిశ్శబ్దంగా హాఫ్ వేవ్ అయిపోతుంది, రెండు నింపుల మధ్య వ్యవధి 20 మిల్లీసెకన్లకు పెరుగుతుంది, శబ్దం కూడా మునుపటికంటే బొంగురుగా, ఒక స్థాయి కిందికి దిగి వినిపిస్తుంది. సరఫరా తీసేసి, కెపాసిటర్‌ను డిశ్చార్జి చేసి, డయోడ్ రేంజిలో నాలుగింటినీ విడివిడిగా చూస్తే ఐదు నిమిషాల్లో తేలుతుంది. డయోడ్లు బాగుండి రిపుల్ ఇంకా ఎక్కువే ఉంటే అప్పుడు కెపాసిటర్ ఎండిపోయిందని అనుకోవచ్చు. మన ఎండల్లో మూసిన పెట్టెలో, హీట్‌సింక్ పక్కనే పెట్టిన ఎలక్ట్రోలైటిక్ కొన్నేళ్లకే తన విలువ కోల్పోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే దాన్ని రెగ్యులేటర్ నుంచి కనీసం రెండు వేళ్ల ఎడంలో పెడతాను.