ఖతం అంటే మనకు ఒకటి, అరబిక్‌లో ఇంకొకటి

"మా అబ్బాయిది విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీ చివరి ఏడాది. గల్ఫ్‌కు వెళ్లే మందుల పెట్టెలకు డిజైన్లు చేసే చోట ఇంటర్న్‌షిప్. అరబిక్ ఒక్క ముక్క రాదు. బ్యాక్ ట్రాన్స్‌లేషన్ నేర్పే మూడు నెలల లోకలైజేషన్ కోర్సు ఉందట, 60 వేలు. కట్టమంటారా? లేక ఖురాన్ చదివే మా పక్కింటి పెద్దాయనకు చూపిస్తే చాలా?"
– ఒక తల్లి, హైదరాబాద్

అమ్మా, మీ దిగులు కోర్సు గురించి కాదు. తను చదవలేని అక్షరాల్లో తప్పు దొర్లితే మాట పిల్లాడి మీదికి వస్తుందేమోనని. ఆ మాట రాకుండా చూసుకునే పద్ధతి ఉంది. దానికి 60 వేలు అక్కర్లేదు.

పెట్టె మీద ఒకే ఒక్క వాక్యం తీసుకుందాం: "సీల్ తెగి ఉంటే వాడకండి." మూతకు వేసే సీల్‌ను అరబిక్‌లో ఖత్మ్ అంటారు. సముద్రంలో ఉండే సీల్ జంతువును ఫుఖ్మా అంటారు. తొందరలో రెండో మాట పడిందనుకోండి. దాన్ని ఇంకొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు, బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అంటే ఈ తిరుగు అనువాదమే. అప్పుడు మళ్లీ "సీల్" అనే వస్తుంది. రెండు ఇంగ్లిష్ వాక్యాలూ అచ్చుగుద్దినట్టు సరిపోతాయి, అందరూ సంతకాలు పెట్టేస్తారు. అదే మనిషి తెలుగులోనో హిందీలోనో రాసి ఉంటే "సముద్రపు జంతువు" అని బయటపడేది. అందుకే మూలం ఇంగ్లిష్ అయితే తిరుగు అనువాదం వేరే భాషలోకి చేయించమంటాను. చేసే మనిషి మూలాన్ని చూసి ఉండకూడదు. ఉన్నది ఉన్నట్టు రాయాలి, సొంతంగా సరిదిద్దకూడదు. "వద్దు" అనే మాట ఎగిరిపోవడం, మోతాదు మారడం లాంటివి ఇలా బాగా దొరుకుతాయి. ఎబ్బెట్టుగా ఉన్న మక్కికి మక్కి వాక్యం మాత్రం దొరకదు. అది చక్కగా తిరిగొచ్చేస్తుంది.

ఆ కోర్సుల మీద నా అనుమానమూ ఇక్కడే. నేను చూసినవాటిలో అంతా వర్డ్ ఫైల్ దగ్గరే ఆగిపోయింది. మీవాడి పని బొమ్మలో. నా విద్యార్థి ఒకడికి అనువాదం సరిగ్గానే వచ్చింది, తిరుగు అనువాదమూ సరిపోయింది. బొమ్మలో అతికించాక అక్షరాలన్నీ విడివిడిగా, ఎడమ నుంచి కుడికి తిరగబడి నిలబడ్డాయి. అరబిక్ కుడి నుంచి ఎడమకు, అక్షరాలు కలుపుకుంటూ సాగే రాత. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో `Adobe World-Ready Paragraph Composer` ఎంచుకోకపోతే ఇలా అవుతుంది. రాని కంటికి అది అందమైన అలంకారంలాగే కనిపించింది. అంకెలూ అంతే. అక్కడి 5 మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, వాళ్ల సున్నా ఒక చుక్క. "2–8 డిగ్రీలు" వరుస తిరగబడి "8–2" కావచ్చు. కాబట్టి తిరుగు అనువాదం చేసేవారికి వర్డ్ ఫైల్ కాదు, ముద్రణకు వెళ్లే బొమ్మనే అసలు సైజులో ఇవ్వాలి.

ఇక పక్కింటి పెద్దాయన. కోప్పడుతున్నానని అనుకోకండి, కానీ ఇది చేయకూడని పని. ఖురాన్‌ను తప్పు లేకుండా పారాయణ చేయడం వేరు, నేటి అరబిక్‌లో మందుల పెట్టె చదివి అర్థం చేసుకోవడం వేరు. ఉర్దూ మాతృభాష అయినవారికి ఖత్మ్ కనిపిస్తే ముందు తట్టేది "ఖతం", అంటే అయిపోవడం. మీ మీద అభిమానంతో "బాగుంది" అంటారు, తర్వాత ఆయన్నే ఇరుకున పెట్టినవారవుతారు. పైగా విడుదల కాని డిజైన్ కంపెనీ రహస్యం. అది మీ ఇంటి గుమ్మం దాటితే పిల్లాడి ఇంటర్న్‌షిప్పే పోవచ్చు. మీ ఆత్రం అతనికి చేటు చేయకూడదు కదా!

చదివి చూడాల్సింది అరబిక్‌లో పుట్టి పెరిగినవారు, ఆ అనువాదంలో చేయి పెట్టనివారు. హైదరాబాద్‌లో వాళ్లకు కరువు లేదు: ఉస్మానియాలో, ఇఫ్లూలో చదివే యెమెన్, సూడాన్, ఇరాక్ విద్యార్థులున్నారు. పెట్టెల మీద రాసే ప్రామాణిక అరబిక్ అన్ని దేశాలదీ కాబట్టి సౌదీకి వెళ్లే పెట్టెను యెమెన్ మనిషి చదివినా ఫర్వాలేదు. కంపెనీయే డబ్బిచ్చి చదివించాలి. "బాగుందా?" అని అడగకూడదు, "ఇది చదివాక మీరేం చేస్తారు?" అనాలి. "మూత పట్టీ తెగిందేమో చూస్తాను, తెగితే షాపులో తిరిగిచ్చేస్తాను" అంటే వాక్యం పని చేసినట్టే.

తిరుగు అనువాదం, అరబిక్ పాఠకుడు, ఈ రెండింటిలో ఏది మేలంటే, మందుల విషయంలో రెండూ కావాలి. ముందు తిరుగు అనువాదం, చివరి బొమ్మ మీద పాఠకుడు. మామూలు ప్రకటన బొమ్మకైతే పాఠకుడొక్కరు చాలు.

అరబిక్ బాగుందో లేదో తేల్చడం మీవాడి బాధ్యత కాదమ్మా. ఏ ఫైలు, ఎవరు చదివారు, ఏ తేదీన అని రాసి పెట్టుకోవడం, తర్వాత ఒక్క లైను జరిపినా మళ్లీ చదివించడం, అంతే అతని పని. ఖాళీ వేళల్లో ఆ 28 అక్షరాలు నేర్చుకుంటే విడిపోయిన రాతను తనే పట్టుకుంటాడు.

ఈ వారం అతను మేనేజర్‌ను ఒక్కటి అడగాలి: చివరి అరబిక్ బొమ్మ మీద సంతకం ఎవరిది? ఒక పేరు చెబితే మీరు నిశ్చింతగా ఉండండి. "ఎవరూ లేరు" అంటే నాకు మళ్లీ రాయండి, వేరే ఇంటర్న్‌షిప్ వెతుకుదాం.