టీ షాపు ఫ్రాంచైజీ క్యాప్షన్‌లో అంకెలు రాసే ముందు

బాబూ,

నువ్వు పంపిన క్యాప్షన్ రెండుసార్లు చదివాను. "కేవలం 3.70 లక్షలతో విశాఖలో మీ సొంత టీ షాపు, నెలకు 60 వేలు గ్యారంటీ" అని రాశావు. ఫోన్లు బాగానే మోగుతాయి. చిక్కల్లా ఆ తర్వాతే.

ఆ 3.70 ఎక్కడిది? నీ ఫీజు 1,50,000, కౌంటరు, బాయిలరు, ఫ్రిజ్, బోర్డు కలిపి 2,20,000. అంటే నీ చేతికొచ్చే డబ్బే లెక్కేశావు. అవతలివాడి జేబులోంచి పోయేది వేరు. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 27,000. గాజువాకలో 15,000 అద్దెకు షాపు దొరికిందనుకో, ఓనరు ఆరు నెలల అడ్వాన్సు అడిగితే 90,000. బేరం కుదురుకునేదాకా పాలకి, జీతాలకి, అద్దెకి ఓ 80,000 చేతిలో ఉండాలి. మొత్తం 5,67,000. మూడున్నర చిల్లర అనుకుని బంగారం కుదువపెట్టినవాడు మిగతా రెండు లక్షలకి ఎక్కడికెళ్తాడు? బేకరీ రోజుల్లో నేనూ ఇలాగే "మూడు లక్షల నుంచి" అని వేయించాను. అనకాపల్లి నుంచి వచ్చినాయన ఆ కాగితం మడతపెట్టి దాచుకున్నాడు. ఏడాది తర్వాత నా ముందే విప్పాడు.

ఇక 60 వేల సంగతి. అది ఎంవీపీ కాలనీలో మీ షాపు లెక్క కదూ? రోజుకి 400 కప్పులు, కప్పు 12 రూపాయలు, నెలకి 1,44,000 అమ్మకం. పాలు, పంచదార, టీ పొడి, గ్యాసు, కరెంటు 60,000, ఇద్దరు కుర్రాళ్లకి 24,000 తీసేస్తే 60,000 మిగిలింది. కానీ ఆ గది మీ నాన్నది, అద్దె లేదు. నీకు నువ్వు రాయల్టీ కట్టుకోవు. ఫ్రాంచైజీ తీసుకున్నవాడు అన్నే కప్పులు అమ్మినా అద్దె 15,000, నీ 5 శాతం రాయల్టీ 7,200 పోగా మిగిలేది 37,800. మూడొందల కప్పులే పోతే ఇంకా తక్కువ. అందుకని గ్యారంటీ అన్న మాట కొట్టెయ్. ఆదాయం అనీ రాయకు. ఒకడికది అమ్మకంలా, ఇంకొకడికి మిగులులా వినపడుతుంది.

ఫోన్లో మొదటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేగానీ రాదు. మొత్తం అంకె అక్కడే ఉండాలి. ఇలా రాయి:

"విశాఖలో మా టీ షాపు ఫ్రాంచైజీ. మొత్తం పెట్టుబడి సుమారు 5.70 లక్షలు, జీఎస్టీతో కలిపి.
ఇందులో ఫ్రాంచైజీ ఫీజు 1.77 లక్షలు, తిరిగి ఇవ్వం. సామాను 2.20 లక్షలు. షాపు అడ్వాన్సు, బేరం కుదురుకునేదాకా చేతిలో ఉండాల్సింది 1.70 లక్షలు. అద్దె 15 వేలు అనుకుని వేసిన లెక్క, ఏరియాని బట్టి మారుతుంది. రాయల్టీ అమ్మకంలో 5 శాతం. లాభానికి హామీ ఇవ్వం, నడుస్తున్న షాపు లెక్కలు చూపిస్తాం."

బొమ్మ మీద 3.70 అనే పెద్దక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. డిజైన్ కుర్రాడికి చెప్పి అదీ మార్పించు.

మీ మావయ్య