"అర్జెంట్ సార్ ప్లీజ్" అని సబ్జెక్ట్ పెడితే మీ ఫైలు ఎవరికి దొరుకుద్ది?

ప్రశ్న: అన్నగారూ నమస్తే. మాది రాజాం వైపు పల్లె. మా నాన్న పోయాక పొలం నా పేరుకి మార్చమని సచివాలయంలో అప్లై చేసి నాలుగు నెలలైంది, ఇంకా పెండింగ్ అనే చూపిస్తంది. ఆఫీసుకి మూడు మెయిల్స్ పెట్టాను, ఒక్కదానికీ రిప్లై లేదు. మెయిల్ కింద పెడుతున్నాను, అందులో ఏటి తప్పుందో చూసి సరిచేసి పెట్టండి.

జవాబు: మీ మెయిల్ మూడుసార్లు చదివానండి. మొదటిసారి మీ బాధ అర్థమైంది, రెండోసారి నాన్నగారి ఆస్పత్రి ఖర్చులు తెలిశాయి, మూడోసారి వెతగ్గా వెతగ్గా ఖాతా నంబర్ దొరికింది, అదీ అటాచ్ చేసిన పాస్‌బుక్ ఫోటోలో, పక్కకి తిరిగిపోయి. అప్లికేషన్ నంబర్ మాత్రం ఎక్కడా లేదు. నేనంటే కాలమ్ రాసుకునేవాణ్ణి కాబట్టి మూడుసార్లు చదివాను, ఆఫీసులో తపాల్ చూసే ఆయనకి అంత తీరిక ఉండదు. ఆయనకి కావలసింది ఒక్కటే, ఈ కాగితం ప్రింట్ తీసి ఏ ఫైల్లో పెట్టాలి, ఏ సీటుకి పంపాలి. అది మెయిల్ తెరవగానే కనబడకపోతే తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతారు, ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదు.

అన్నిటికంటే ముందు మీ మెయిల్ వెళ్ళిన చోటే తేడాగా ఉంది. టూ లో ఉన్న అడ్రస్ శ్రీకాకుళం జిల్లాది. మీ పాస్‌బుక్ పాతది, దానిమీద శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది, అది చూసి పెట్టేసి ఉంటారు. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు విజయనగరం జిల్లాలోకి వచ్చేశాయి కదా. మన వైపు ఇప్పటికీ చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు, నోటికి శ్రీకాకుళమే వస్తుంది మరి. vizianagaram.ap.gov.in తెరిచి అందులో డైరెక్టరీలో మీ మండలం అడ్రస్ చూసుకోండి, ఎవరో వాట్సాప్‌లో పంపింది వాడొద్దు. టూ లో మీ తహసీల్దార్ ఒక్కరే ఉండాలి, కావాలంటే సీసీలో ఆర్డీవో ఆఫీసు. మీరు సీసీలో పదకొండు మందిని పెట్టారు, అందులో ఇద్దరు విలేకర్లు, పైగా ఆధార్ కార్డు రెండు వైపులా అటాచ్ చేసి! అందరికీ పంపితే ఎవరో ఒకరు చూస్తారనుకుంటాం, అక్కడేమో ప్రతి ఒక్కరూ పక్కోళ్ళు చూస్తారులే అనుకుంటారు.

ఇక సబ్జెక్ట్ లైన్. మీ మూడు మెయిల్స్‌కి మూడు సబ్జెక్టులు: "అర్జెంట్ సార్ ప్లీజ్", "న్యాయం చేయండి", "రిమైండర్ 2". ఫోన్లో సబ్జెక్ట్ మొదటి ముప్పై నలభై అక్షరాలే కనబడతాయి, కాబట్టి నంబర్ ముందు రావాలి, ఆ తర్వాత పని పేరు, ఊరు, చివరికి మీకేం కావాలో. ఇంకో సంగతి, సబ్జెక్ట్ మార్చిన ప్రతిసారీ జీమెయిల్ దాన్ని వేరే మెయిల్‌గా విడగొట్టేస్తుంది, అంటే మీ మూడు మెయిల్స్ అక్కడ మూడు వేరువేరు చోట్ల కూర్చున్నాయి, ఒకదానికి ఇంకోటి రిమైండర్ అని చూసేవాళ్ళకి తెలిసే దారే లేదు. ఈసారి కొత్తగా సరైన అడ్రస్‌కి ఒకటి పంపండి, తర్వాత రిమైండర్ పెట్టాల్సి వస్తే సెంట్ ఫోల్డర్లో అదే మెయిల్ తెరిచి, సబ్జెక్ట్ ముట్టుకోకుండా, దానికే రిప్లై కొట్టండి.

సూచిక అనే భాగం మీ మెయిల్లో అసలు లేదు, గవర్నమెంట్ ఉత్తరానికి ప్రాణం అదే. ఇంతకుముందు ఈ విషయంలో నడిచిన కాగితాలేంటో, వాటి నంబర్ తేదీలతో వరసగా రాయడమే సూచిక. సచివాలయంలో ఇచ్చిన రసీదు మీద అప్లికేషన్ నంబర్ ఉంటుంది, అది మొదటిది. ఆఫీసు నుంచి మీకేదైనా నోటీసు వచ్చి ఉంటే దాని పైన Rc.No. అని ఒక నంబర్ ఉంటుంది, దాన్ని చివరి అక్షరంతో సహా ఎక్కించండి, ఆ అక్షరమే ఫైలు ఏ సీటు దగ్గరుందో చెప్పేది, చాలామంది అది అనవసరం అనుకుని వదిలేస్తారు. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఇచ్చి ఉంటే ఆ నంబర్ కూడా. మీ ఊర్లో రీసర్వే అయిపోయిందా? అయితే పాత సర్వే నంబర్ ఒక్కటే సరిపోదు. మీభూమి సైట్‌లో ఇప్పటి 1బి తీసి చూడండి, రీసర్వేలో ఇచ్చిన కొత్త ఎల్‌పీ నంబర్, అంటే ల్యాండ్ పార్సెల్ నంబర్, కనబడితే రెండూ రాయాలి, ఎందుకంటే నాన్నగారి కాగితాలన్నీ పాత నంబర్‌తో ఉంటాయి, వాళ్ళ కంప్యూటర్లో ఇప్పుడున్నది కొత్తది.

ఇప్పుడు మీ మెయిల్ సరిచేస్తే ఇలా వస్తుంది. నంబర్లు, తేదీలు నేను ఊరికే వేసినవి, మీవి పెట్టుకోండి, ఖాళీల్లో ఊరు పేరు, మండలం పేరు నింపుకోండి.

సబ్జెక్ట్: దరఖాస్తు నం. 240011 – వారసత్వ మ్యుటేషన్ – ఖాతా 247, ______ గ్రామం – ప్రస్తుత స్థితి తెలుపుట గురించి

తహసీల్దార్ వారికి,
______ మండలం, విజయనగరం జిల్లా.

అయ్యా,

విషయం: ______ గ్రామం, ఖాతా నం. 247, పాత సర్వే నం. 112-3 (కొత్త ఎల్‌పీ నం. 385), విస్తీర్ణం 1 ఎకరం 18 సెంట్లు – వారసత్వ మ్యుటేషన్ దరఖాస్తు పెండింగ్ – స్థితి తెలుపుట గురించి.

సూచిక: 1) గ్రామ సచివాలయంలో ఇచ్చిన దరఖాస్తు నం. 240011, తేదీ 11-11-2024.
2) కలెక్టరేట్ గ్రీవెన్స్ నం. ______, తేదీ 03-02-2025.

పై భూమి మా తండ్రి గారి పేరున ఉంది. ఆయన 14-08-2024న మరణించారు. వారసుల పేర్లు నమోదు చేయమని కోరుతూ సూచిక 1 ద్వారా దరఖాస్తు ఇచ్చాను. 10-03-2025న ఆన్‌లైన్‌లో చూడగా పెండింగ్ అని ఉంది.

దరఖాస్తు ప్రస్తుతం ఏ దశలో ఉన్నదీ, ఇంకా ఏవైనా పత్రాలు ఇవ్వవలసి ఉంటే అవి ఏవో తెలియజేయమని కోరుతున్నాను.

జతపరిచినవి: 1) దరఖాస్తు రసీదు 2) మరణ ధ్రువపత్రం 3) కుటుంబ సభ్యుల ధ్రువపత్రం 4) 1బి నకలు. మొత్తం 5 పేజీలు, ఒకే ఫైలు.

ఇట్లు,
పేరు, తండ్రి పేరు, ఇంటి నంబర్, గ్రామం, మొబైల్ నంబర్, తేదీ.

అంతే. ఆస్పత్రి సంగతి తీసేశాను, ఏమనుకోకండి. "న్యాయం చేయండి" కూడా తీసేశాను, దాని మీద గుమస్తా చెయ్యగలిగిన పని ఏమీ లేదు. ఏ దశలో ఉంది, ఏ కాగితం తక్కువ, ఈ రెండూ అడిగితే ఆయన కంప్యూటర్లో చూసి రెండు లైన్లలో రాసెయ్యగలడు.

మీరు గమనించారో లేదో, "నా పేరుకి" అన్నదాన్ని "వారసుల పేర్లు" అని మార్చాను. మీ మెయిల్లో ఒకచోట అక్క పెళ్ళి సంగతి రాశారు. నాన్నగారు వీలునామా రాయకుండా పోతే అమ్మగారికీ అక్కగారికీ కూడా ఆ పొలంలో వాటా ఉంటుంది, పెళ్ళయినా సరే. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ముగ్గురు ఉండి అప్లికేషన్లో మీరొక్కరే ఉంటే మిగతా ఇద్దరి మాటేంటని ఫైలు ఆగిపోవడానికి ఛాన్స్ ఎక్కువ, నాకైతే మీ పెండింగ్‌కి అసలు కారణం ఇదేనేమో అనిపిస్తోంది. ముందు రసీదు తీసి అందులో ఎవరి పేరు మీదకి అడిగారో చూసుకోండి. మీ ఒక్కరి పేరే ఉంటే ఈ మెయిల్లో వారసుల పేర్లు అని రాస్తే కుదరదు, అప్లికేషన్ ఎలా సరిచెయ్యాలో సచివాలయంలో అడిగి ఆ తర్వాతే పంపండి.

అటాచ్‌మెంట్ల దగ్గర మీకు తెలియకుండా ఇంకో దెబ్బ పడింది. తొమ్మిది ఫోటోలు, ఒక్కోటి నాలుగు ఎంబీ, అంటే 36 ఎంబీ. జీమెయిల్ 25 ఎంబీ దాటితే ఫైలు పంపదు, దాన్ని డ్రైవ్‌లో పెట్టి లింకు మాత్రం పంపుతుంది. మీ సెంట్ మెయిల్ తెరిచి చూడండి, కింద ఫోటోలు బొమ్మల్లా కాకుండా డ్రైవ్ గుర్తుతో కనబడితే అదే జరిగినట్టు. పంపేటప్పుడు మీరు షేర్ పర్మిషన్ ఇవ్వకపోయి ఉంటే అవతల దాన్ని నొక్కినవాళ్ళకి పర్మిషన్ అడగమని వస్తుంది, ఆఫీసులో ఎవరూ అడగరు. డ్రైవ్ యాప్‌లోనే స్కాన్ ఉంటుంది, దాంతో అన్ని పేజీలూ ఒకే పీడీఎఫ్ చేసి `Mutation_Khata247.pdf` లాంటి పేరు పెట్టండి, ఐదు పేజీలు రెండు మూడు ఎంబీలో వచ్చేస్తుంది. ఆధార్ తప్పక పెట్టాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ పెట్టండి.

రెండో మెయిల్ జెరాక్స్ షాపులో టైప్ చేయించి పేస్ట్ చేశానన్నారు కదా, అది నాకు ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలుగా వచ్చింది. షాపుల్లో ఎక్కువగా అను ఫాంట్స్‌లో కొడతారు, అవి ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లోనే తెలుగులా కనబడతాయి. ఫోన్లో జీబోర్డ్ తెలుగుతో మీరే కొట్టుకోండి, లేదంటే షాపాయన్ని పీడీఎఫ్ చేసి ఇమ్మనండి.

పంపిన ఐదు పది నిమిషాలు ఇన్‌బాక్స్ చూడండి. మెయిలర్ డీమన్ పేరుతో ఏదైనా వస్తే మీ మెయిల్ వెనక్కి వచ్చినట్టు, తుడిపేయకుండా చదవండి, అందులో `5.1.1` ఉంటే ఆ అడ్రస్సే లేదని, `5.2.2` ఉంటే వాళ్ళ మెయిల్‌బాక్స్ నిండిపోయిందని. మొదటిదైతే అడ్రస్ మళ్ళీ చూసుకోవాలి, రెండోదైతే ఎన్నిసార్లు పంపినా లోపలికి వెళ్ళదు, ప్రింట్ తీసి మండలాఫీసులో ఇచ్చి రెండో కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోవడమే. మెయిల్ వెళ్ళినా సరే అది మీ అప్లికేషన్‌కి బదులు కాదు, అసలు అప్లికేషన్ సచివాలయంలో ఇచ్చినదే, ఇది దాని గురించి అడగడం మాత్రమే. పదిహేను రోజులు చూసి అదే మెయిల్‌కి రిప్లైగా ఒక రిమైండర్ కొట్టండి, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఈ మెయిల్ ప్రింటు పట్టుకుని సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్ళండి, శ్రీకాకుళం కాదు, విజయనగరం కలెక్టరేట్‌కి.