సెన్సర్ తుడిచినా ఆరని ఏబీఎస్ లైటు

"మా ఇల్లు విశాఖ బీచ్ రోడ్డు పక్కనే. ముందు ఎడమ చక్రం సెన్సర్ తుడిపించినా ఏబీఎస్ లైటు ఆరడం లేదు. కొత్త సెన్సర్ కొనాలా?"

అప్పుడే కొనకండి. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలను తెరిచి, ఖాళీ రోడ్డుపై గంటకు 20 కిలోమీటర్ల వేగంతో కారును తిన్నగా నడిపించండి. తెరను పక్కన కూర్చున్నవారు చూడాలి.

ఆ చక్రం అంకె మిగతా మూడింటితో పాటు కదులుతూ, చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక్కసారి పడిపోతుంటే, అనుమానించవలసింది టోన్ రింగును, అంటే చక్రంతో పాటు తిరుగుతూ సెన్సర్‌కు వేగం తెలిపే పళ్ల రింగును. ఉప్పుగాలికి రింగు కింద తుప్పు ఉబ్బితే అది పగులుతుంది, లేదా పైకి లేచి సెన్సర్‌కు రాసుకుంటుంది. చక్రం విప్పి, యాక్సిల్‌ను చేత్తో తిప్పుతూ టార్చి వెలుగులో చుట్టూ చూడండి. కొన్ని కార్లలో పళ్ల రింగు ఉండదు, బేరింగ్ సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అది చెడితే బేరింగే మార్చాలి.

అంకె పూర్తిగా సున్నాగా ఉంటే, లేదా స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పినప్పుడే మాయమైతే, వైరును చూడాలి. సస్పెన్షన్ దగ్గర వంగే చోట, పైతొడుగు బాగానే ఉన్నా లోపలి రాగి తెగిపోతుంది. కనెక్టర్‌లో పచ్చటి చిలుము కూడా ఇక్కడ మామూలే. కరెంటు అందితేనే పనిచేసే యాక్టివ్ రకం సెన్సర్‌కు ఓమ్ మీటరు పెట్టకండి, పాడవవచ్చు. వైరు, రింగు రెండూ బాగున్నాయని తేలాకే సెన్సర్ మార్చండి.

ఈ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, కానీ తడి రోడ్డుపై చక్రాలు బిగుసుకుపోవచ్చు. ఎర్రటి బ్రేకు లైటు కూడా వెలిగితే బండి తీయకండి.